బొటిక్‌కి చూపించే చోటు ఒకటి, మాట్లాడే చోటు ఒకటి

ప్రశ్న: బొటిక్‌లో నేను, ఒక అసిస్టెంట్, అంతే. ఇన్‌స్టా, ఫేస్‌బుక్, యూట్యూబ్, పింటరెస్ట్, వాట్సాప్ అన్నీ చూసుకోవడం కుదరట్లేదు. వేటి మీద టైమ్ పెట్టాలి?

బట్టలు చూపించడానికి ఇన్‌స్టాగ్రామ్, మాట్లాడి ఆర్డర్ తీసుకోవడానికి వాట్సాప్ బిజినెస్. షాపు ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో టైమింగ్స్, ఫొటోలు, లొకేషన్ సరిగ్గా పెట్టి, రివ్యూలకు జవాబిస్తూ ఉండండి. మిగతావి ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి.

పోస్ట్ పెట్టడం పది నిమిషాల పని. అసలు టైమ్ తినేది ఆ తర్వాతే. సైజు ఉందా, లైనింగ్ ఉందా, ఇంకో కలర్ వస్తుందా అని ఒక్కో డ్రెస్‌కి పదిమంది అడుగుతారు. పైగా బొటిక్‌లో ఒక డిజైన్‌కి రెండు మూడు పీసులకు మించి ఉండవు. నాలుగు చోట్ల పెట్టారంటే, ఒకచోట అమ్ముడుపోగానే మిగతా మూడు చోట్లా 'సోల్డ్ అవుట్' అని మార్చాలి. ఒక్కటి మర్చిపోయినా ఒకే పీస్‌కి ఇద్దరు డబ్బు పంపుతారు. అందులో ఒకరికి తిరిగి పంపాలి, సారీ చెప్పాలి. ఆవిడ మళ్లీ మీ దగ్గర కొంటుందన్న నమ్మకం లేదు.

ఇక్కడే ఒక మాట. 'రేటు కోసం డీఎం చేయండి' అని రాయడం దయచేసి మానేయండి. టైమ్ లేదనుకునే షాపులే ఈ పని చేస్తుంటాయి. రేటు, ఉన్న సైజులు, డెలివరీకి పట్టే రోజులు క్యాప్షన్‌లోనే రాస్తే సగం మెసేజ్‌లు రావు. వచ్చేవి కొనే ఉద్దేశం ఉన్నవాళ్లవి.

ఏది పనిచేస్తోందో తేల్చుకోవడానికి ఫాలోవర్ల లెక్క చూడకండి. ఫేస్‌బుక్ పేజీ ఇప్పటికే నడుస్తుంటే దాన్నీ కలుపుకుని, ఒక్కో చోట ఒక్కో వాట్సాప్ లింకు పెట్టండి:

```
https://wa.me/<నంబర్>?text=Hi-IG
https://wa.me/<నంబర్>?text=Hi-FB
https://wa.me/<నంబర్>?text=Hi-GOOGLE
```

నంబర్‌కి ముందు దేశం కోడ్ ఉండాలి, ప్లస్ గుర్తు, మొదట్లో సున్నాలు, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. లింకు నొక్కినవాళ్ల మెసేజ్ ఆ పదంతోనే మొదలవుతుంది కాబట్టి ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. కొందరు చెరిపేసి రాస్తారు, వాళ్లని 'ఎక్కడ చూశారండీ' అని అడగండి. డబ్బు అందిన చాట్‌కి వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ వేయండి. నాలుగు వారాలు ఇలా చేయండి. ఒక్క సీజన్ వారం చూసి నిర్ణయించొద్దు.

లెక్క ఇలా వచ్చిందనుకోండి. ఇన్‌స్టాకి నెలలో 20 గంటలు పెడితే 6 ఆర్డర్లు. ఫేస్‌బుక్‌కి 8 గంటలకు ఒక్కటి. గూగుల్‌కి 2 గంటలకు 4. అంటే ఒక్కో ఆర్డర్‌కి ఇన్‌స్టాలో మూడు గంటల పైన, ఫేస్‌బుక్‌లో 8 గంటలు, గూగుల్‌లో అరగంట పట్టింది. ఫేస్‌బుక్ కోసం విడిగా పని చేయడం ఆపేయాలి. మెటా బిజినెస్ సూట్ నుంచి ఇన్‌స్టా పోస్టే అక్కడికీ వెళ్లేలా పెట్టుకుంటే చాలు, రెండిటి మెసేజ్‌లూ ఒకే ఇన్‌బాక్స్‌లో కనిపిస్తాయి.

అలాగని ఇన్‌స్టా మానేసి గూగుల్‌నే నమ్ముకుందామని తొందరపడొద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గూగుల్ ప్రొఫైల్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో జనం ఏ పదాలతో వెతికారో చూడండి. ఎక్కువగా మీ బొటిక్ పేరే ఉంటే, వాళ్లు మిమ్మల్ని ఇంకెక్కడో చూసి అడ్రస్ కోసం వచ్చారని అర్థం, బహుశా ఇన్‌స్టాలోనే. 'బ్లౌజ్ డిజైనింగ్', 'బొటిక్ దగ్గర్లో' లాంటి మాటలు ఎక్కువగా ఉంటేనే గూగుల్ తనంతట తాను కొత్తవాళ్లని తెస్తున్నట్టు. మొదటి రకమైతే ఇన్‌స్టా టైమ్ తగ్గించినప్పుడు గూగుల్ ఆర్డర్లూ తగ్గిపోతాయి.

వాట్సాప్‌లో అసిస్టెంట్‌కి క్విక్ రిప్లైలు నేర్పించండి. కొలతలు ఎలా తీసుకోవాలి, డెలివరీ ఎన్ని రోజులు, వాపసు పద్ధతి, ఈ మూడూ ముందే రాసి పెట్టుకుంటే '/' కొట్టి పంపేయొచ్చు. కొత్త స్టాక్ గురించి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపేది మాత్రం మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఆర్డర్ ఖాయం చేసే మెసేజ్‌లోనే 'మా నంబర్ సేవ్ చేసుకోండి' అని ఒక లైన్ ఉండాలి. అది లేక బ్రాడ్‌కాస్ట్‌కి స్పందనే రావట్లేదని వాపోయేవాళ్లు చాలామంది.

పింటరెస్ట్‌లో పిన్ నెలల తర్వాత కూడా జనానికి కనిపిస్తూనే ఉంటుంది. అప్పటికి మీ రెండు పీసులూ అయిపోయి ఉంటాయి. సొంత వెబ్‌సైట్ ఉండి, అదే డిజైన్ ఆర్డర్ మీద మళ్లీ కుట్టి ఇవ్వగలిగినప్పుడు దాని సంగతి చూడొచ్చు.