సోలార్ వాటర్ హీటర్ గొట్టాల్లో పేరుకున్న సున్నం తీయడం

మా నలుగురికి ఎన్ని లీటర్ల సోలార్ హీటర్ సరిపోతుంది? ఎండ బాగానే ఉన్నా నీళ్లు గోరువెచ్చగానే వస్తే గొట్టాలు ఎలా శుభ్రం చేయాలి?

గాజు గొట్టాల్లో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పంపు అక్కర్లేదు.

స్నానానికి మనిషికి 40 డిగ్రీల నీళ్లు 40 లీటర్లు అనుకుంటే నలుగురికి 160. ట్యాంకులో 60, కుళాయిలో 20 డిగ్రీలుంటే సగానికి సగం కలపాలి, అంటే వేడినీళ్లు 80 లీటర్లు. వంటింటికీ వాడితే, మబ్బు రోజులనూ లెక్కేసుకుంటే 150 లీటర్లది తీసుకోండి.

నీళ్లలో తెల్లటి పొలుసులు వస్తుంటే గొట్టాల అడుగున సున్నం చేరినట్టే. ఎండ రాకముందే చల్లనీళ్ల వాల్వు మూసి ట్యాంకు ఖాళీ చేయండి. రబ్బరు రింగు దగ్గర సబ్బునీళ్లు పోసి, గొట్టాన్ని తిప్పుతూ కాస్త పైకి నెట్టి, అడుగు కప్పు తప్పించి కిందికి లాగండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి గొట్టం నింపి నిలబెట్టండి. బుడగలు ఆగాక మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. ఇనుప చువ్వ పెడితే గాజు గీసుకుని తర్వాత పగులుతుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వద్దు, దాని శేషం స్టీలు ట్యాంకుకు చిల్లులు పెడుతుంది.

గొట్టం అడుగున వెండిరంగు పూత తెల్లబడిందంటే గాజు రెండు పొరల మధ్య వేడిని నిలిపే శూన్యం పోయింది. ఎంత కడిగినా వేడెక్కదు, మార్చాల్సిందే. బిగించాక ఎండ ముదరకముందే నీళ్లు నింపండి. కాలిన ఖాళీ గొట్టంలో చల్లనీళ్లు పడితే ఠప్పున పగులుతుంది.