ఫోటో అడిగే ముందు

అమ్మణ్ణీ,

నీకు పేపర్లో ఉద్యోగం వచ్చిందనీ, ఒంగోలులో క్రైం బీట్ ఇచ్చారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషపడిందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. నేనైతే ఆ రాత్రి నిద్రపోలేదు. కావలిలో ఇరవై ఎనిమిదేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేసినవాడి మేనకోడలు బైలైన్‌తో వార్త రాస్తుందంటే గర్వమే. కానీ క్రైం బీటంటే రెండో వారంలోనే ఎవరో ఒకరు డెస్క్ నుంచి ఫోన్ చేసి, "చనిపోయినాయన ఇంటికి పోయి భార్యతో రెండు ముక్కలు మాట్లాడించు, ఫోటో పట్రా" అంటారు. ఆ ఒక్క పని గురించే ఈ ఉత్తరం. మిగతాది నీకు వాళ్లే నేర్పిస్తారు.

పేరు రెండుసార్లు అడిగి రాసుకో. వయసు ఆధార్ కార్డులో చూడు. బండి వీధి మొదట్లోనే ఆపి నడిచిపో. వాళ్లింటి ముందు హారన్ వినపడకూడదు. చెప్పులు బయటే వదులు. ఫోన్ సంచిలో పెట్టు, చేతిలో పట్టుకుంటే రికార్డు చేస్తున్నావనుకుంటారు. ఇవి చెప్పక్కర్లేనివి.

చెప్పాల్సింది ఒకటుంది. మీ అత్తకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1997లో ఒక మధ్యాహ్నం హైవే మీద లారీ గుద్దుకుని ఒకాయన పోయాడు. కావలికి తూర్పున, ఉప్పుటేరు వైపు ఊరు ఆయనది. పేరెందుకులే. స్టేషన్లో రైటర్ దగ్గర వివరాలన్నీ రాసుకున్నాను. "ఇంటికి తెలిసిందా?" అని అడిగితే, "తెలిసింది, తమ్ముడొచ్చి గుర్తుపట్టాడు" అన్నాడు. నాకు కావాల్సింది ఫోటో ఒకటే. అప్పట్లో వార్తలూ ఫోటోలూ కవర్లో పెట్టి, సాయంత్రం నెల్లూరు పోయే ఆర్టీసీ బస్సు కండక్టర్ చేతికిచ్చేవాళ్లం. ఆ బస్సు దాటిపోతే మర్నాటి జిల్లా పేజీలో మన వార్త ఉండదు. గడియారం చూసుకుంటూ సైకిల్ తొక్కినానే గానీ ఇంకేం ఆలోచించలేదు.

ఇంటి ముందు అరుగు మీద ఒకామె చేటలో బియ్యం చెరుగుతోంది. మూడేళ్ల పిల్ల ఆ నూకలతో ఆడుకుంటోంది. నేనెవరో కూడా అడక్కుండా చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. "ఆయన ఫోటో ఒకటి ఇప్పించు తల్లీ" అన్నాను. లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. పాస్‌పోర్టు ఫోటో తెచ్చి, ఇవ్వబోయి, చేయి వెనక్కు తీసుకుంది.

"దేనికి సార్?"

"పేపర్లో వేయడానికమ్మా."

"కాలిరిగినోళ్ల ఫోటో పేపర్లో వేస్తారా సార్?"

అప్పుడు చూశాను అమ్మణ్ణీ, నేను వచ్చేటప్పుడు చూడాల్సినవన్నీ. ఇంటి ముందు నిప్పు లేదు, పొగ లేదు. చావుకు వచ్చిన జనం లేరు. నట్టింట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చావు జరిగిన ఇంట్లో ఆ పొద్దు పొయ్యి వెలిగించరు గదా, ఆ ఒక్కటి చాలు తెలియడానికి. ఆమె ఏడవలేదు. ఫోటోను బియ్యం చేటలో పెట్టి, పిల్లను ఒళ్లోకి తీసుకుని, నా మొహంలోకి చూస్తూ కూచుంది. నేను లేచి వచ్చేశాను. వీధి మలుపులో ఒక పెద్దాయన నా రెక్క పట్టుకుని ఆపాడు. తిట్టలేదు. "పొద్దుట్నుంచి ఆ బిడ్డేమీ తినలా. శవం వచ్చేలోపల రెండు ముద్దలు తినిపిద్దామని, కాలిరిగిందని చెప్పి దాచిపెట్టినామయ్యా. వచ్చినాక మళ్లీ ఎప్పుడు తింటదో" అన్నాడు.

ఫోటో లేకుండానే కవర్ పంపాను. మర్నాడు పేపర్ తెరిస్తే నేను రాయని వాక్యం ఒకటి కలిసి ఉంది: "కుటుంబ సభ్యుల రోదనలు మిన్నంటాయి." డెస్క్ వాళ్లకు అలవాటు అది. నువ్వు మాత్రం "కన్నీరుమున్నీరు" అనీ "మిన్నంటిన రోదనలు" అనీ జన్మలో రాయబాక. రాస్తే, నువ్వా ఇంటికి పోలేదని నేను ఇక్కడి నుంచే చెప్పగలను.

కాబట్టి మొదటి మాట. "ఇంటికి తెలిసిందా?" అని పోలీసుల్ని అడిగితే చాలదు. పోలీసుల లెక్కలో ఇల్లంటే పంచనామా దగ్గరకు వచ్చిన తమ్ముడో బావమరిదో. నువ్వు అడగాల్సింది, "ఇంట్లో ఆడవాళ్లకు చెప్పారా?" అని. ఆ ప్రశ్న కూడా కానిస్టేబుల్ని కాదు, మార్చురీ దగ్గరున్న ఆ బావమరిదిని అడుగు. ఇప్పుడు ఫోన్లున్నాయి గదా, దాగుతుందా అంటావేమో. ఫోన్లుండబట్టే భయం. యాక్సిడెంట్ ఫోటో గంటలో వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. అందుకని ఇంట్లోవాళ్లు ముందుగా చేసే పని, ఆమె చేతిలో ఫోన్ తీసేసుకోవడం. "చార్జింగ్ పెడతాం ఇటియ్" అంటారు. లోకమంతా తెలిసి, ఆమెకొక్కదానికే తెలియని రెండు మూడు గంటలు ఇప్పటికీ ఉంటాయి. ఆ గంటల్లో నువ్వా గడప ముందు ఉండకూడదు. నా భయమంతా అదే. మిగతావి నువ్వు తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

అనుమానమొస్తే వీధి చివర టీకొట్టు దగ్గర ఆగు. షామియానా వేస్తున్నారా, ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారా, జనం తువ్వాళ్లు భుజాన వేసుకుని మాట్లాడకుండా నిలబడ్డారా చూడు. ఇవేవీ లేకపోతే వెనక్కు తిరిగి రా. డెస్క్ అరుస్తుంది. అరవనీ.

ఇక పోయినాక ఎవరితో మాట్లాడాలి? ఏడ్చేవాళ్లతో కాదు. ప్రతి చావింట్లో ఒకడుంటాడు, ఐసు పెట్టెకు ఫోన్లు చేస్తూ, పాడె వెదుర్లకు మనిషిని పంపుతూ, డబ్బు లెక్కపెడుతూ. మేనమామో, బావమరిదో, పెద్దల్లుడో. అతని దగ్గరికి పోయి మొదటి మాటగా పేరూ పేపరూ చెప్పు. చుట్టంలా జనంలో కలిసిపోయి, ఒక గంట విని తర్వాత బయటపెట్టుకోవడం దొంగతనం. "ఇంట్లో ఎవరైనా మాట్లాడదలుచుకుంటే వింటాను, వద్దంటే పోతాను" అని చెప్పు. వద్దంటే నీ నంబరు కాగితం మీద రాసిచ్చి వచ్చేయ్. ఇంకోసారి పోబాక. శవం దించేటప్పుడూ, లేపేటప్పుడూ నోరెత్తొద్దు. హైదరాబాదు నుంచో దుబాయి నుంచో కొడుకు రావాలని ఎదురుచూసే పొద్దు ఉంటుందే, మాట్లాడితే అప్పుడు మాట్లాడతారు. లేదంటే చిన్నదినం అయినాక.

అసలు అడగాలా వద్దా? దానికి నాకున్న తూకం ఒకటే. ఆ మాట ఆ ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేనిదా? లారీ ఎటు నుంచి వచ్చింది, ఎన్నింటికి గుద్దింది, ఇవి భార్యను అడగాల్సినవి కావు. ఆయన బతికుండగా ఏం చేసేవాడు, ఊళ్లో ఎవరికేం అయ్యేవాడు, అది వాళ్లే చెప్పాలి. "మీకెలా అనిపిస్తోంది?" అని అడిగితే మీ అమ్మతో చెప్పి చెంపదెబ్బ వేయిస్తాను. "ఆయన ఏం పని చేసేవాడమ్మా?" అని అడిగి ఊరుకో. వాళ్లకు చెప్పాలనుంటే ఆ తలుపులోంచే అన్నీ వస్తాయి.

కొన్నిచోట్ల అడగనే కూడదు. అత్యాచారం కేసైతే, చనిపోయిన పిల్ల తల్లి తన పేరు వేసుకోమన్నా వేయకూడదు. తల్లి పేరుతో పిల్ల పేరు తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ల అనుమతి చాలదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద పేరు బయటపెట్టడం నేరం. ఆత్మహత్య అయితే ఎలా చేసుకున్నారో, ఎందుకు చేసుకున్నారో ఇంటివాళ్ల నోట చెప్పించబాక.

శోకాలను కోట్ చెయ్యబాక. మన ఆడవాళ్లు ఏడ్చేటప్పుడు మాటలు కట్టి ఏడుస్తారు. "నన్నెవరికి ఒప్పజెప్పి పోయినావయ్యా" అని. ఆ మాట నీతో అనలేదు, ఆయనతో అన్నది. పక్కనుండి విన్నంత మాత్రాన నీది కాదు. అట్లాగే కోపంలో అన్న మాట. "తాగి నడపబాకరా అంటే వినలా" అని తండ్రి తల కొట్టుకుంటాడు. నువ్వది అచ్చేస్తే, రేపు ప్రమాద పరిహారం కేసులో ఎదుటి వకీలు ఆ కటింగ్ పట్టుకొస్తాడు. పేపర్ కటింగ్ దానంతటది రుజువు కాదులే, కానీ ఆ తండ్రిని బోనులో నిలబెట్టి "ఈ మాట నువ్వన్నావా లేదా?" అని అడగడానికి పనికొస్తుంది.

అడిగినందుకు మేలు జరిగిన ఇల్లు కూడా ఉంది. 2015లో పొగాకు ధర పడిపోయి మన ప్రకాశం రైతులు ప్రాణాలు తీసుకున్నారు గదా, అప్పుడు కొండపి వైపు ఒకింటికి సాయంగా రమ్మని అక్కడి విలేకరి తీసుకుపోయాడు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పక్కన నులకమంచం మీద తండ్రి కూచుని ఉన్నాడు. మేమేం అడగలేదు. కూచున్నాం. చాలాసేపటికి ఆయనే, "మావాడు పిరికోడని రాయబాకండి. పదహారేళ్లప్పుడు నాకు నడుం పడిపోతే బ్యారన్ వాడొక్కడే కాల్చినాడు, రాత్రిళ్లు నిద్రపోకుండా" అన్నాడు. అప్పు ఎంతో, ఎవరి దగ్గరో కూడా చెప్పాడు. రాసుకున్నదంతా చదివి వినిపించాను. బ్యారన్ మాట దగ్గర తల ఊపాడు. అప్పు మాట దగ్గర ఆగి, "ఆ పేర్లు తీసెయ్ నాయనా, కోడలు ఈ ఊళ్లోనే బతకాల" అన్నాడు. ఆయన ముందే కొట్టేశాను. రాత్రి పేజీ పోయేముందు ఫోన్ చేసి మళ్లీ అడిగాను. తెల్లారి వచ్చిన వార్తలో అప్పు లేదు, బ్యారన్ ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి పొద్దున సరేనన్నది సాయంత్రానికి వద్దనొచ్చు. చదివి వినిపించు, మళ్లీ అడుగు. ఈ రెండూ చేయడానికి టైం లేకపోతే కోట్ లేకుండా రాయి. కోట్ లేదని ఏ వార్తా ఆగదు.

ఫోటో సంగతి. ఇప్పుడు మీరు ఫోన్‌తో తీసుకుంటారు కాబట్టి అసలుది వాళ్ల దగ్గరే ఉంటుంది, అది మేలు. కానీ గోడ మీది ఫోటోను వాళ్లనే దించి ఇవ్వమను, నువ్వు దించబాక. వాళ్ల ఫేస్‌బుక్‌లోంచి అడక్కుండా తీసుకోబాక.

చీకటి పడితే హైవే మీద బండి వేసుకుని సింగరాయకొండ దాకా పోబాక. బస్సెక్కు, లేదంటే ఎవరినైనా తోడు తీసుకుపో. వెళ్లేముందు ఏదో ఒకటి తిని పో, ఆ ఇంట్లో నీకు కాఫీ ఇచ్చినా గొంతు దిగదు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యొద్దు. నేను ఏం అడిగావు, ఏం రాశావు అని పీకుతాను. మీ అమ్మకు చెయ్యి. తిన్నావా అని అడిగి ఊరుకుంటుంది.

మీ మామయ్య
కావలి