చెరువుకట్ట ఏ మ్యాపులో ఎంత?

ప్రశ్న: 1:50,000 పెద్ద స్కేలా, 1:10,00,000 పెద్ద స్కేలా? మా పాపకి ఎలా చెప్పాలి?

మొదటిదే పెద్దది. జామకాయని యాభైవేల మందికి పంచితే వచ్చే ముక్క, పదిలక్షల మందికి పంచితే వచ్చేదానికన్నా పెద్దదే కదా.

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. మొన్న సంక్రాంతికి మా నాన్న, మా అమ్మాయి మ్యాపుల్లో ఊరిని వెతికారు. మా చెరువుకట్ట పొడుగు కిలోమీటరున్నర.

1:10,00,000 మ్యాపులో సెంటీమీటరంటే 10 కిలోమీటర్లు. పెన్నానది దొరికింది. "మన ఊరేది తాతా?" "కట్టే మిల్లీమీటరున్నర అవుద్ది. ఊరిపేరు రాసేదానికి చోటేదమ్మా?"

1:50,000 షీటులో కట్ట 3 సెంటీమీటర్లు. ఊరిపేరూ దొరికింది. మా బాట గీత మాత్రం అర మిల్లీమీటరు మందం, లెక్కన 25 మీటర్ల వెడల్పు! "రెండు బండ్లు ఎదురైతేనే పట్టవు కదా తాతా?" ఆ గీత గుర్తు మాత్రమే. నిజం వెడల్పుతో గీస్తే కంటికి ఆనదు. అందుకే పొడుగులు కొలవాలి, గీతల మందం కాదు.

చివరికి పాత గ్రామపటం జిరాక్సు తీశారు. మైలుకి 16 అంగుళాలు, అంటే 1:3,960. కట్ట 38 సెంటీమీటర్లు రావాలి, 19 వచ్చింది. నాన్నకి టెన్షన్. తీరా చూస్తే జిరాక్సు సగానికి తగ్గించి తీసింది. అంకె మారలేదు గానీ, అంచున ఉన్న స్కేలు గీత కాగితంతోపాటే కుదించుకుపోయింది. దాంతో కొలిస్తే కిలోమీటరున్నరే వచ్చింది.