ఆ మూడు వాక్యాల్లో మీ పేరు ఎక్కడుంది?

"మాది కూకట్‌పల్లి. నేను ఉద్యోగం మానేశాక ఆరు నెలలుగా అత్తగారింట్లోనే ఉంటున్నాం. మొన్న మా తోటికోడలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. మియాపూర్‌లో ఉండే మా పెద్దాడపడుచు ఎవరికో 'మరీ ఎక్కువైంది. ఇక భరించలేం. వెళ్లిపోతే బాగుండు' అని రాసింది. అది నా గురించే. ఆదివారం భోజనాల దగ్గర కూడా ఆవిడ నాతో ముభావంగా ఉంది. నిద్ర పట్టడం లేదు. నిలదీయమంటారా?"

ఇప్పుడే నిలదీయకండి. ముందు ఒక కాగితం తీసుకుని, బొమ్మలో కనిపిస్తున్నది మాత్రమే ఒక వైపు రాయండి. మూడు వాక్యాలు, అంతే. మీ పేరు లేదు, 'మరదలు' అన్న మాట లేదు. పై సందేశం, కింది జవాబు కత్తిరించిన అంచుకు అవతల ఉండిపోయాయి.

మన భాషలో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. 'ఎక్కువైంది' అన్న క్రియ స్త్రీకీ, వస్తువుకీ ఒకటే. 'వెళ్లిపోతే' అన్నది ఎవరికైనా సరిపోతుంది. ఉదాహరణకు మొదటి వాక్యం ముందు 'అద్దె' అని పెట్టి చదవండి. అద్దె మరీ ఎక్కువైంది, ఇక భరించలేం, వెళ్లిపోతే బాగుండు. ఒక్క అక్షరం మార్చనక్కర లేకుండా అతికింది కదా! ఆవిడ రాసింది అద్దె గురించేనని నేను అనడం లేదు. ఖాళీలో మీ పేరు పెట్టింది ఆవిడ కాదు, మీరు. 'ఈ ఇంటికి భారమయ్యాను' అన్న భయం ఆరు నెలలుగా మీలో ఉంది. అది పూరించిన ఖాళీ ఇది.

ఆదివారం సంగతీ అంతే. ఆ ముభావాన్ని మీరు గమనించింది స్క్రీన్‌షాట్ చూశాకనా, ముందా? చూశాక అయితే దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కించకండి. నమ్మకం ముందు ఏర్పడింది, కళ్లు దానికి తోడు వెతికాయి. 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త కొందరికి 2, 4, 6 అంకెలిచ్చి, వాటి వెనుక నియమం కనుక్కోమన్నారు. వాళ్లు మరో మూడేసి సంఖ్యలు చెబితే, అవి నియమానికి సరిపోతాయో లేదో ఆయన చెప్పేవారు. చాలామంది రెండేసి పెరిగే సరి సంఖ్యలనే చెప్పి చూసుకున్నారు. అసలు నియమం, పెరుగుతూ పోయే ఏ మూడు సంఖ్యలైనా చాలన్నది. తమ ఊహను తప్పని తేల్చగల 1, 2, 3 లాంటివి అడిగి చూస్తే అది బయటపడేది.

మీరూ అలాంటి పరీక్షే పెట్టుకోండి. స్క్రీన్‌షాట్‌కు ముందు నెలలో ఆవిడ మీతో మాట్లాడిన సందర్భాలు, మంచివీ చెడ్డవీ, గుర్తున్నంత వరకు రాయండి. తరువాత, ఆవిడ 'నీ గురించి కాదు' అంటే నమ్ముతారా అని మిమ్మల్ని మీరే అడగండి. 'అవును' అన్నా రుజువే, 'కాదు' అన్నా అబద్ధమే అనిపిస్తే, మీరు అడగబోయేది ప్రశ్న కాదు, తీర్పు. అలా ఉన్నన్ని రోజులు ఆగండి. రాత్రిపూట ఆ బొమ్మ తెరవకండి; ఆందోళనలో ఉన్న మనసు రెండర్థాల మాటలో భయపెట్టే అర్థాన్నే ముందు పట్టుకుంటుంది.

తోటికోడలిని 'నా గురించే కదా?' అని అడగవద్దు. 'దీనికి పైన, కింద ఏముంది?' అని మాత్రమే అడగండి. చూపించకపోతే పగటిపూట, ఇద్దరే ఉన్నప్పుడు, "వదినా, ఇది నా దాకా వచ్చింది. నా గురించేమోనని భయపడుతున్నాను. దేని గురించి రాశారు?" అనండి. అది మీ గురించే కావచ్చు కూడా. అప్పుడు మీ ముందుండేది ఊహ కాదు, ఆవిడ నోట విన్న ఫిర్యాదు. దానికి మీరు జవాబు చెప్పుకోగలరు.