ప్రమోషన్ కోసం రాసి ఇవ్వమన్నారు, ఏం రాయాలి? ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లుగా సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నాను. అసిస్టెంట్ మేనేజర్ కోసం అడిగితే మా సార్ "నువ్వు చేసిందంతా ఒక పేపర్ మీద పెట్టి ఇవ్వు, చూద్దాం" అన్నారు. అందులో ఏం రాయాలో, ఎప్పుడు ఇవ్వాలో అర్థం కావట్లేదు. ఎవరైనా చేసినవాళ్లు చెప్పండి.

జవాబు:

నేనూ సరిగ్గా మీ సీట్లోనే ఉండేదాన్ని. పటాన్‌చెరులో ప్లాంట్, బేగంపేటలో ఆఫీసు ఉన్న కంపెనీ, నాది సప్లయర్ల బిల్లులు, పేమెంట్లు చూసే పని. మొదటిసారి నాకు ప్రమోషన్ రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ రెండు పేపర్లూ ఇప్పటికీ దాచుకున్నాను కాబట్టి తేడా ఏమిటో వివరంగా చెప్పగలను.

మొదటిది 2024 మార్చి 11న ఇచ్చాను. నాలుగు పేజీలు. ఏడాదిలో ఎన్ని బిల్లులు ఎంట్రీ చేశాను, ఎన్ని శనివారాలు వచ్చాను, ఆడిట్‌కి ఎవరు లేకపోయినా నేనున్నాను, ఇలా. అందులో ఒక్క అబద్ధం లేదు. సార్ చదివి "బాగుంది, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. చాలా బాధపడ్డాను. తర్వాత హెచ్ఆర్‌లో పనిచేసే ఒక అక్క లంచ్‌లో అసలు విషయం చెప్పింది. మా దగ్గర ప్రమోషన్ ఏప్రిల్ 1 నుంచి అమలవుతుంది, లెటర్ మే నెలలో వస్తుంది, కానీ పేర్లు మాత్రం బడ్జెట్‌తో పాటు జనవరి చివరి వారంలోనే వెళ్లిపోతాయట. అంటే నేను పేపర్ ఇచ్చేనాటికి ఆ లిస్టు మూసేసి ఆరు వారాలైంది. ఇంకో మాట కూడా చెప్పింది: "మీటింగ్‌లో మీ సార్‌కి ఒక్కో మనిషి గురించి మాట్లాడటానికి రెండు, మూడు నిమిషాలే ఉంటాయి. అక్కడ కూర్చున్న మిగతా హెడ్స్ నిన్ను ఎప్పుడూ చూడలేదు. కష్టపడుతుంది అని అందరి ఫైల్లోనూ ఉంటుంది."

నాకు విషయం అక్కడ అర్థమైంది. మీరు రాసేది మీ సార్‌ని ఒప్పించడానికి కాదు, ఆయన ఇంకో నలుగురిని ఒప్పించడానికి. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే ఆయన తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. రెండో పేపర్ ఆ లెక్కన రాశాను, ఒకటిన్నర పేజీ.

ఫలితం అనే దగ్గర ఒక్క పనినే తీసుకున్నాను. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సెక్షన్ 43బి(హెచ్) అమల్లోకి వచ్చింది, అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. సూక్ష్మ, చిన్న తరహా సప్లయర్లకు సరుకు తీసుకున్నాక, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్టంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి మార్చి 31 నాటికి ఇంకా బాకీ ఉంటే ఆ ఖర్చును ఆ ఏడాది చూపించుకోలేం, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. 2024 మార్చి 31న మా దగ్గర అలాంటి బాకీ 1.4 కోట్లు తేలింది. అందరూ పేమెంట్ టీమ్‌నే అన్నారు. నేను ఏప్రిల్‌లో కూర్చుని ఒక్కో బిల్లు ఎక్కడ ఆగిందో వెనక్కి వెళ్లి చూస్తే సగానికి పైగా మా టేబుల్ దాకా రానేలేదు, సరుకు అందినట్టు స్టోర్స్ వాళ్లు సిస్టమ్‌లో వేయాల్సిన జీఆర్ఎన్ దగ్గరే ఆగిపోయాయి. దానికి తోడు ఏ సప్లయర్ చిన్న తరహా కిందకి వస్తాడో మా మాస్టర్ లిస్టులో సరిగ్గా గుర్తు పెట్టి లేదు. నేను సప్లయర్లందరికీ మెయిల్ పెట్టి ఉద్యం సర్టిఫికెట్లు తెప్పించి గుర్తులు పెట్టాను, 20 రోజులు దాటినా జీఆర్ఎన్ పడని సరుకు లిస్టు ప్రతి బుధవారం స్టోర్స్‌కి పంపడం మొదలుపెట్టాను.

పేపర్‌లో దీన్ని ఇలా రాశాను. మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు, భావం మాత్రం ఇది:

"2024 ఏప్రిల్ నుంచి జూన్ వరకు చిన్న సప్లయర్ల బిల్లులు 1,180, అందులో గడువు దాటినవి 212. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు 1,240, గడువు దాటినవి 31. మార్పు: సప్లయర్ల గుర్తింపు, వారం వారం జీఆర్ఎన్ లిస్టు. లెక్కను ప్లాంట్ అకౌంట్స్ హెడ్ సరిచూశారు."

అంతే, నాలుగు ముక్కలు. ముందు ఎంత, ఇప్పుడు ఎంత, మధ్యలో నేనేం మార్చాను, ఎవరిని అడిగితే అవునంటారు. చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు కానీ మీటింగ్‌లో బాగా పనిచేసింది అదే, ఎందుకంటే ఆ హెడ్ అదే గదిలో ఉన్నారు.

ఈ అంకెల్లో నేను రెండు చోట్ల దాదాపు తప్పు చేశాను, అవి చెప్పాలి. మొదటిది, ఏప్రిల్ లెక్క తీసినప్పుడు గుర్తు పెట్టి ఉన్న సప్లయర్లు 60 మందే, డిసెంబర్‌కి 190 మంది అయ్యారు. పాత రిపోర్టునూ కొత్త రిపోర్టునూ పక్కపక్కన పెడితే అది పోలికే కాదు. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ లెక్కను కూడా ఆ 190 మంది పేర్లతో మళ్లీ తీశాను, పైన రాసింది ఆ అంకెలే. రెండోది, డ్రాఫ్ట్‌లో "1.4 కోట్లు ఆదా" అని రాసేశాను. ఒక సీఏ ఫ్రెండ్ చూసి వెంటనే కొట్టేయించింది. 1.4 కోట్లు ఖర్చు మొత్తం, పన్ను కాదు. మా కంపెనీ రేటు దాదాపు 25 శాతం కాబట్టి ముందుగా కట్టాల్సి వచ్చిన పన్ను 35 లక్షలు. అది కూడా బాకీ తీర్చిన ఏడాది తగ్గిపోతుంది కాబట్టి ఆదా అనే మాటే తప్పు. చివరికి "మార్చి 31న గడువు దాటిన బాకీ 1.4 కోట్లు, డిసెంబర్ 31న 11 లక్షలు" అని మాత్రమే రాశాను. ఫైనాన్స్ వాళ్ల ముందు పెద్ద అంకె వేసి, దాన్ని వాళ్లు ఒక్క ప్రశ్నతో పడగొడితే ఆ పేజీలో మిగతాది కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "కొత్త రూల్ వచ్చింది కదా, అందరూ జాగ్రత్త పడ్డారు, ఇందులో ఆమె చేసిందేముంది?" ఇది న్యాయమైన ప్రశ్న. మాకు ఇంకో యూనిట్ ఉంది, అక్కడ నా బుధవారం లిస్టు లేదు. అదే కాలంలో అక్కడ గడువు దాటినవి 18 శాతం నుంచి 11కి తగ్గాయి, మా దగ్గర 18 నుంచి 2.5కి. ఈ పోలికను నేనే రాసిపెట్టాను, కొంత రూల్ వల్ల తగ్గిందని కూడా ఒప్పుకుంటూ. స్టోర్స్ ఇంచార్జి సహకారం లేకపోతే ఇది జరిగేది కాదని ఆయన హోదాతో సహా ఒక వాక్యం రాశాను. అది మర్యాద కోసం రాయలేదు, నిజంగానే ఆయన లేకపోతే జరిగేది కాదు.

ఇక బాధ్యత పెరగడం గురించి. ఇక్కడే చాలామంది ఎక్కువ పనిని పెద్ద బాధ్యత అనుకుంటారు, మొదటి పేపర్‌లో నేనూ అదే అనుకున్నాను. 100 బిల్లులు చేసేచోట 150 చేస్తే మీరు మంచి సీనియర్ ఎగ్జిక్యూటివ్ అవుతారు, అసిస్టెంట్ మేనేజర్ కారు. హెచ్ఆర్ దగ్గర ఆ పోస్టు వివరాలు అడిగి తీసుకోండి. మా దాంట్లో మూడు విషయాలు ఉన్నాయి: వేరే డిపార్ట్‌మెంట్లతో రివ్యూ నడపడం, పేమెంట్ ఆపాలా వదలాలా అనేది నిర్ణయించడం, జూనియర్ల పని పంచడం. బుధవారం లిస్టు ఆగస్టు నుంచి బుధవారం మీటింగ్ అయింది, స్టోర్స్, పర్చేజ్ వాళ్లు వస్తారు, నేనే నడుపుతాను. అప్పుడే సార్‌ని అడిగాను, "సార్, ఈ మీటింగ్ నేను చూస్తున్నట్టు అందరికీ ఒక్క మెయిల్ పెట్టండి" అని. ఆయన రెండు లైన్లు రాశారు. జనవరిలో ఆ మెయిల్ తేదీయే నాకు రుజువు, ఐదు నెలలుగా పై స్థాయి పని చేస్తోందని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. నిర్ణయం విషయంలో ఒక్క సంఘటనే రాశాను. సెప్టెంబర్‌లో ఒక బిల్లు రెండు వేర్వేరు నంబర్లతో రెండుసార్లు వస్తే పర్చేజ్ వాళ్లు ఒత్తిడి పెట్టినా పేమెంట్ ఆపి, సప్లయర్‌తో మాట్లాడి తేల్చాను. ఇలాంటివి పది ఉన్నా ఒకటే రాయండి, అది మాత్రం ఎవరు, ఏమిటి, ఎలా తేలింది అన్నీ తెలిసేలా రాయండి.

పేపర్ చివర "నేను ఇప్పుడు చేసే పని ఎవరు చూస్తారు" అని మూడు వాక్యాలు పెట్టాను. ఇది ఆ హెచ్ఆర్ అక్క చెప్పిందే. మీరు పైకి వెళ్తే మీ సీటు ఖాళీ, మేనేజర్‌కి లోపల ఉండే టెన్షన్ అదే, బయటికి చెప్పరు. మా టీమ్‌లో ఒక అబ్బాయికి నవంబర్ నుంచే లిస్టు తీయడం నేర్పించాను, డిసెంబర్‌లో రెండు వారాలు నేను చూడకుండా అతనే తీశాడు. అది రాశాను.

టైం విషయంలో నేను చేసిన వరుస ఇది. అక్టోబర్‌లో హెచ్ఆర్‌ని పేర్లు వెళ్లే తేదీ అడిగాను, మీ కంపెనీలో అది డిసెంబర్ కూడా కావచ్చు, జనవరి నుంచి డిసెంబర్ లెక్క చూసే కంపెనీల్లో ఇంకా ముందే ఉంటుంది. నవంబర్‌లో సార్‌తో అరగంట కూర్చుని, ఈసారి నా పేరు పెట్టాలనుకుంటే ఏం తక్కువగా కనిపిస్తోందని అడిగాను, ఆయన చెప్పిన రెండింట్లో ఒకటి ఈ జూనియర్ల విషయం. డిసెంబర్ మూడో వారంలో డ్రాఫ్ట్ ఇచ్చాను, జనవరి మొదటి వారంలో మూడు నెలల అంకెలు పూర్తిగా వచ్చాక ఫైనల్ చేశాను. అదే టైంలో మీ దగ్గర ప్రమోషన్‌కి ఖాళీ ఉండాలా, లేక ఖాళీతో సంబంధం లేకుండా గ్రేడ్ ఇస్తారా అనేది కూడా అడగండి. ఖాళీ ఉండాలంటే మీ పేపర్ ఎంత బాగున్నా ముందు ఆ పోస్టు ఎందుకు కావాలో మీ సార్ వేరుగా అడగాల్సి ఉంటుంది, దానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది.

2025 మే నెలలో లెటర్ వచ్చింది. మీటింగ్‌లో నా గురించి రెండు ప్రశ్నలే వచ్చాయని సార్ తర్వాత చెప్పారు, ఒకటి ఆ ఇంకో యూనిట్ పోలిక, రెండోది నా సీటు ఎవరు చూస్తారని. రెండింటికీ ఆయన పేజీ చూసి చదివేశారట.

మీరు ఈ వారమే ఒక పని చేయండి. ఏ పనిని చూపించాలనుకుంటున్నారో దాని పాత లెక్కను ఇప్పుడే రిపోర్ట్ తీసి, తేదీతో సేవ్ చేసుకోండి, ఏ సప్లయర్లు లేదా ఏ బిల్లులు అందులో ఉన్నాయో ఆ లిస్టుతో సహా. మాస్టర్ మారిపోయాక అదే రిపోర్ట్ మళ్లీ తీస్తే అదే అంకె రాదు. అది ఏ పనో ఇక్కడ రాస్తే లెక్క ఎలా పెట్టాలో నేను చూసి చెప్తాను.