కొడుకు జైలర్ అవుతానంటే భయమెందుకమ్మా?

"మా అబ్బాయి డిగ్రీ మూడో ఏడు. డిప్యూటీ జైలర్ అవుతానంటున్నాడు. రోజూ హంతకుల మధ్య తిరిగితే వాడి మనసు మొద్దుబారిపోదాండీ? దానికన్నా ఆన్‌లైన్‌లో క్రిమినాలజీ డిప్లొమా చేయించడం మేలేమో చెప్పండి." — ఒక తల్లి, అమలాపురం

అమ్మా, హంతకులందరూ ఒక్కలాంటివాళ్లు కాదని తెలుసుకోవడంతోనే ఆ ఉద్యోగం మొదలవుతుంది. కోనసీమలో గట్టు తగాదాలో కోపం పట్టలేక పార ఎత్తి కొట్టి, యావజ్జీవ శిక్ష పడిన కొబ్బరి రైతు ఒకడు రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు వచ్చాడనుకోండి. ముందు వారంటు, వయసు, పాత కేసులు చూస్తారు. ఆడవాళ్లను మగవాళ్ల నుంచి, విచారణ ఖైదీలను శిక్ష పడినవాళ్ల నుంచి వేరుగా ఉంచాలని 1894 నాటి చట్టమే చెప్పింది. అలవాటుగా నేరాలు చేసేవాళ్లతో ఈ రైతును కలపకూడదు. ఇదే వర్గీకరణ.

పొరపాటు ఇక్కడే జరుగుతుంది. హత్య కేసు అనగానే 'ప్రమాదకరం' అని రాసేసి, ముఠాలవాళ్లున్న బ్యారక్‌లో పడేస్తారు. కొన్నాళ్లకు అతను ఇంటికి ఉత్తరాలు మానేస్తాడు, పనికి వెళ్లనంటాడు, ఇతరుల కబుర్లు మోయడం మొదలెడతాడు. ఈ మూడూ గమనించి, వర్గీకరణ మళ్లీ చూడాలని పైఅధికారికి రాసేవాడే మంచి జైలర్.

పని కూడా అంతే. ఖాళీ ఉందని రైతును మగ్గం మీద కూర్చోబెడితే బయటికొచ్చాక అది అతనికి అన్నం పెట్టదు. పనికి న్యాయమైన కూలి ఇవ్వాలనీ, అందులో కొంత బాధితుల పరిహారానికి తీయాలనీ సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. కులాన్ని బట్టి వంట ఒకరికి, పాకీ పని ఇంకొకరికి అప్పగించడాన్ని 2024లో కొట్టేసింది.

కొంత శిక్ష అనుభవించి, నడవడి బాగుండి, ఒంట్లో సత్తువ ఉంటే ఓపెన్ జైలుకు పంపే వీలుంది. అక్కడ ఎత్తైన గోడలుండవు, పొలం పని ఉంటుంది. అనంతపురంలో అలాంటి వ్యవసాయ కాలనీ ఉంది. మన రైతుకు సరిగ్గా సరిపోయే పనే. కానీ కోనసీమ నుంచి అంత దూరం ములాఖత్‌కు భార్యాబిడ్డలు ఎన్నిసార్లు వెళ్లగలరు? అతన్ని నిలబెట్టే బంధం తెగితే పొలం ఒక్కటే అతన్ని మార్చలేదు. పంపేముందు ఈ లెక్క కూడా వేయాలి.

ఇప్పుడు డిప్లొమా సంగతి. నాకు వాటిమీద గురి లేదు. సీరియల్ కిల్లర్ల పాఠాలు ఊరిస్తాయి గానీ, పైన చెప్పిన రైతు వర్గీకరణ కాగితం ఎలా నింపాలో చాలా కోర్సులు నేర్పవు. జైలులో ఫీల్డ్ వర్క్ లేని కోర్సుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. సోషల్ వర్క్‌లో పీజీ దానికన్నా ఎంతో నయం.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. సంబంధాలు రావేమో, ఊళ్లో ఏమనుకుంటారో అన్న బెంగను అబ్బాయి మనసు మీద దిగులుగా చెప్పకండి. మొద్దుబారేది ఖైదీని సెక్షన్ నంబరుగా చూసేవాడే. ఈ సెలవుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, పారా లీగల్ వాలంటీర్‌గా జైలు న్యాయ సహాయ క్లినిక్‌లో పనిచేసే అవకాశం ఉందేమో వాణ్నే అడగనివ్వండి. లోపలి గాలి పడుతుందో లేదో అక్కడ వాడికే తెలుస్తుంది.