దూరం జరుగుతోందంటే, ముందు నొప్పి పుడుతోందేమో అడగండి

"నాకు 63, మా ఆవిడకి 58. రెండేళ్లుగా దగ్గరికి రానివ్వడం లేదు. అడిగితే 'ఈ వయసులో ఏంటండీ' అని అటు తిరిగి పడుకుంటుంది. నా మీద ఇష్టం పోయిందా? గొడవ కాకుండా ఈ విషయం ఎలా ఎత్తాలి?"

మీకు మొదట వచ్చిన అనుమానం ఇష్టం గురించి. ఇలాంటి జంటలతో మాట్లాడేవాళ్లకి అది ఆఖరి అనుమానం. ఆ వయసు మనిషి ఏళ్ల తరబడి తప్పించుకుంటోందంటే, ముందు చూడాల్సింది మంట ఉందా అని.

మన దేశంలో ఆడవాళ్లకి సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. దాంతో ఈస్ట్రోజన్ పడిపోతుంది. యోని లోపలి పొర మందంగా, సాగుతూ, తడిగా ఉండేది ఆ హార్మోన్ పుణ్యమే. అది తగ్గాక పొర పల్చబడుతుంది, తడి ఊరడానికి చాలాసేపు పడుతుంది, కొందరికి అసలు ఊరదు. అలాంటప్పుడు కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టుంటుంది. మర్నాడు మూత్రానికి వెళ్తే చుర్రుమంటుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం కొన్నేళ్లకి చాలామందిలో సద్దుమణుగుతుంది. ఈ పొడిబారడం మాత్రం మందు వాడకపోతే తగ్గదు, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. రెండు మూడుసార్లు నొప్పి తగిలాక, మీరు చెయ్యి వేయగానే ఆవిడకి తెలియకుండానే అక్కడి కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి ఖాయమని తెలిశాక కోరిక ఎక్కణ్ణుంచి పుడుతుంది?

మరి ఆ మాటే చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెబుతుంది? మోకాళ్ల నొప్పి గురించి పెళ్లి పందిట్లో కూడా మాట్లాడుకుంటాం. దీనికి మన ఇళ్లలో మర్యాదైన మాటే లేదు. డాక్టర్లు బీపీ, షుగర్ చూసి చీటీ రాసి పంపేస్తారు తప్ప "అమ్మా, కలిసినప్పుడు నొప్పేమైనా ఉంటోందా" అని అడగరు. అందుకే ఆవిడకి దొరికిన మర్యాదైన మాట "ఈ వయసులో ఏంటండీ".

మీలాంటి జంట సంగతే ఒకటి చెబుతాను, ఆనవాళ్లు మార్చి. ఆయనకి 64, ఆవిడకి 57. కూతురి పురిటికి ఆవిడ ఒక్కతే అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చింది. వచ్చాక కొడుకు కూతురు నానమ్మ పక్కన పడుకోవడం అలవాటుగా మారింది, ఆయన పక్క హాల్లో దివాన్ మీదకి మారింది. (మన వాళ్లు మూడు బెడ్‌రూముల ఇల్లు కొని, ఒకటి పూజకీ సామానుకీ ఇచ్చి, తల్లిదండ్రులిద్దర్నీ రెండు చోట్ల పడుకోబెట్టడాన్ని పెద్దవాళ్లని చూసుకోవడం అంటారు.) ఇల్లంతా ఊరెళ్లిన ఒక రాత్రి ఇద్దరూ దగ్గరయ్యారు. ఆవిడకి విపరీతమైన మంట, ఒక చుక్క రక్తం కూడా. ఆయనకి సగంలోనే అంగం పట్టు తప్పింది. ఆవిడ మంట సంగతి చెప్పలేదు, ఆయన తన సంగతి చెప్పలేదు. "సరేలే, పడుకో" అన్నాడంతే.

తర్వాత రెండుసార్లు ఆవిడ "ఒంట్లో బాగోలేదండీ" అంది. ఆయన అడగడం మానేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కాఫీ గ్లాసు అందుకుంటూ ఆవిడ భుజం మీద చెయ్యి వేసే అలవాటుండేది ఆయనకి, అదీ మానేశాడు, ముట్టుకుంటే ఇంకేదో అనుకుంటుందని. ఆవిడ దాన్ని ఇంకోలా లెక్క కట్టుకుంది: "ముసలిదాన్నయ్యాను, మోజు తీరింది." రెండేళ్లు ఇలాగే గడిచాయి.

వాళ్లు నా దగ్గరికొచ్చినప్పుడు పెట్టిన షరతు ఒకటే. ఎవరి ఒంటి సంగతి వాళ్లే చెప్పాలి, ఎదుటి మనిషి గురించి ఒక్క ముక్క అనకూడదు. ఆయనే మొదలుపెట్టాడు. "నాకు మునుపట్లా వెంటనే రావట్లేదు. మధ్యలో పోతుందేమోనని భయం. అందుకే హాల్లోనే పడుకుంటున్నా." ఆవిడ చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూచుని, "నేనేమో నా మీద మోజు పోయిందనుకున్నానండీ. నాకు మంట పుడుతుంది. చెబితే ఏమనుకుంటారోనని" అంది. ఆయన "ఎప్పట్నుంచే?" అన్నాడు. ఆ "ఎప్పట్నుంచే"తో సగం పని అయిపోయింది.

మీరూ ఇలాగే మొదలుపెట్టండి. పక్క మీద వద్దు, రాత్రి వద్దు, ఆవిడ కాదన్న మర్నాడు అసలే వద్దు. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, చేతికో కాలికో పని ఉన్నప్పుడు ఎత్తండి. సాయంత్రం నడకలోనో, బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో. ముఖాముఖి కూర్చోబెడితే పంచాయితీలా ఉంటుంది. ముందు మీ ఒంటి మార్పు చెప్పండి, ఆ తర్వాతే "నీకేమైనా నొప్పి పుడుతోందా?" అని అడగండి. "ఎందుకు వద్దంటున్నావ్" అన్నారో, ఆవిడ సంజాయిషీ ఇచ్చుకోవాలి. "నొప్పా" అంటే అవుననో కాదనో చాలు. "మునుపు ఇలా ఉండేదానివి కాదు" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. పది నిమిషాలు మాట్లాడి వేరే కబురులోకి వెళ్లిపోండి. మిగతాది రెండ్రోజులాగి ఆవిడే ఎత్తుతుంది.

నొప్పి అని తేలితే కొన్ని వారాలు కలయిక ఊసే లేదని ఒప్పందం చేసుకోండి. వింతగా ఉందా? 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుతున్నారు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, వంతులేసుకుని ఒకరినొకరు తాకడం. తల, వీపు, చేతులు, పాదాలు. రొమ్ములు, మర్మాంగాలు మొదట్లో లెక్కలో లేవు. తాకించుకునేవాళ్లు "ఇంకాస్త మెల్లగా", "అక్కడొద్దు" అని మాత్రం చెప్పాలి. మనవాళ్లకి ఇది కొత్తేం కాదు, తలకి నూనె పట్టించడం, కాళ్లు పట్టడం. ఇది అక్కడికి దారి తీయదని నమ్మకం కుదిరాక ఆవిడ కండరాలు వదులవుతాయి. మీకూ పరీక్ష భయం ఉండదు. అయితే మూడో రోజే ఒప్పందం తప్పారో, మొత్తం మొదటికొస్తుంది. ఈ పద్ధతి ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఈ వయసులో కోరిక ముందు పుట్టి తర్వాత తాకడం తక్కువ. తాకాక పుడుతుంది. ఆకలి లేదంటూనే కూర్చుని, ఒక ముద్ద తిన్నాక ఇంకో ముద్ద కలుపుకోమూ, అలా. కాబట్టి ఆవిడకి ముందుగా మనసు పుట్టలేదంటే మీరంటే ఇష్టం లేదని కాదు.

ఈలోగా మందు పని మందు చేయాలి. యోని మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు, కలిసినా కలవకపోయినా. అది ఒంటికి రోజూ రాసుకునే క్రీమ్ లాంటిది. లూబ్రికెంట్ జెల్ వేరు, అది అప్పటికప్పుడు ఇద్దరికీ ధారాళంగా రాసుకునేది. రెండూ మందుల షాపులో దొరుకుతాయి. సబ్బుతో లోపల కడగడం, డెట్టాల్ నీళ్లు వాడడం వెంటనే ఆపించండి, ఉన్న తడిని కూడా లాగేస్తాయి. వీటితో సరిపోకపోతే గైనకాలజిస్టు యోనిలో రాసుకునే, ఈస్ట్రోజన్ రకపు ఎస్ట్రియోల్ క్రీమ్ రాస్తారు. మామూలుగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి అర మిల్లీగ్రాము మందుండే మోతాదు, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. గుణం పూర్తిగా కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. పది రోజులు వాడి "లాభం లేదు" అని ట్యూబు పారేసేవాళ్లే ఎక్కువ. మానేస్తే పొడి మళ్లీ వస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆ డాక్టరుని అడక్కుండా దీన్ని ముట్టుకోకూడదు. ఇంకొక మాట. నెలసరి పూర్తిగా ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా, పొడి వల్లేలే అనుకోకుండా గర్భసంచి స్కానింగ్ చేయించాలి. నేను చెప్పిన ఆవిడకి స్కాన్‌లో ఏమీ లేదని తేలాకే క్రీమ్ మొదలుపెట్టారు.

ఇక మీ వైపు. అరవై దాటాక అంగానికి పట్టు వట్టి చూపుతోనో తలపుతోనో రావడం తగ్గుతుంది, చేత్తో తాకాలి, ఎక్కువసేపు కావాలి. ఒకసారి అయ్యాక మళ్లీ రావడానికి ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పట్టొచ్చు. ఇదంతా మామూలే. నెలల తరబడి పట్టు తప్పుతుంటే మాత్రం సిగ్గుపడే విషయం కాదు, రక్తపరీక్ష చేయించుకునే విషయం. అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండెవాటికన్నా సన్నం, పూడిక అక్కడ ముందు బయటపడుతుంది. నేను చెప్పిన ఆయన్ని పరీక్షకి పంపితే మూడు నెలల షుగర్ సగటు 8.9 ఉంది, అంతవరకు ఆయనకి షుగర్ ఉన్నట్టే తెలీదు.

పట్టు నిలవడానికి సిల్డెనాఫిల్ మాత్ర పనిచేస్తుంది, డాక్టరు రాస్తే. గంట ముందు వేసుకోవాలి. కడుపునిండా బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది, అప్పుడు రెండోది వేసుకుంటారు, అక్కడే ప్రమాదం. తాకిడి లేకుండా వట్టి మాత్రతో ఏమీ జరగదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్, లేదా నికోరాండిల్ వాడుతున్నవాళ్లు ఇది వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పాలి. బీపీ మాత్రల వల్లే తగ్గిందని అనుమానముంటే మార్చమని అడగండి, మీరే మానేయకండి. బస్టాండు గోడల మీద పేరు రాసుకునే "వైద్యులు" ఇవేవీ అడగరు. పొడిలో సిల్డెనాఫిల్ కలిపి ఆయుర్వేదం పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు.

మోకాళ్లు బాగోలేకపోతే ఇద్దరూ ఒకే వైపు తిరిగి పక్కకి పడుకుని, ఆవిడ మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే బరువు పడదు. అలసిన రాత్రి కన్నా తెల్లవారుజాము మేలు. కీళ్లవాతంతో పొద్దున పట్టేసేవాళ్లు మాత్రం మధ్యాహ్నం చూసుకోవాలి.

గది సంగతి మిగిలింది. ఆ జంటకి ఇదే అన్నిటికన్నా కష్టమైంది. కొడుక్కి ఏం చెబుతారు? ఆవిడే ఉపాయం ఆలోచించింది. "మీ నాన్నకి షుగర్ వచ్చింది, రాత్రిళ్లు లేస్తున్నారు, నేను పక్కనుండాలి, పిల్లని మీ దగ్గర పడుకోబెట్టుకోండి" అంది. అబద్ధమూ కాదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు, కలయిక ఎప్పుడో ఒకసారి కుదురుతోందని ఆయన చెప్పాడు. ఆవిడ దాని ఊసెత్తలేదు. కాఫీ ఇస్తుంటే మళ్లీ భుజం మీద చెయ్యి వేస్తున్నారని, దివాన్ అమ్మేశామని చెప్పింది.